వీలునామాలో పేరున్న మనిషి ముందే చనిపోతే: ఆస్తి ఎవరికి చేరుతుంది, ప్రత్యామ్నాయ వాక్యం ఎలా రాయాలి

హన్మకొండలో వీలునామాలు రాసే పనిలో ఉన్న నా దగ్గరికి రెండేళ్ల కింద ఒక ఆమె పాత వీలునామా జిరాక్సు పట్టుకొని వచ్చింది. అందులో పరకాల వైపు ఉన్న ఎకరం ఇరవై గుంటల భూమిని ఆమె భర్తకు అతని మేనమామ రాసి ఇచ్చాడు. కానీ ఆమె భర్త 2020లో చనిపోయాడు, మేనమామ 2023లో చనిపోయాడు. "మామ మా ఆయన పేరు మీదనే రాసిండు గదా సార్, ఆయన లేకపోతే మా పిల్లలకు రాదా?" అని ఆమె అడిగింది. రాదని చెప్పవలసి వచ్చింది. అదే వీలునామాలో మేనమామ తన పెద్ద కొడుకుకు ఇల్లు రాశాడు. ఆ కొడుకు కూడా తండ్రి కంటే ముందే చనిపోయాడు, అయినా ఆ ఇల్లు మాత్రం అతని భార్యకూ కూతురికీ వచ్చింది. ఒకే కాగితం మీద, ఒకే తరహా వాక్యంలో రాసిన రెండు దఖళ్లకు, అంటే వీలునామా ద్వారా ఇచ్చిన ఆస్తులకు, రెండు వేర్వేరు గతులు ఎందుకు పట్టాయో, రాసేటప్పుడే దీన్ని ఎలా సరిదిద్దుకోవచ్చో ఈ మార్గదర్శి వివరిస్తుంది. కుటుంబం గుర్తు పట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.

ముందుగా పరిధి చెబుతాను. ఇక్కడ చెప్పేది హిందువులు తమకు పూర్తి హక్కు ఉన్న ఆస్తి మీద రాసే వీలునామాల గురించి. వీటికి భారత వారసత్వ చట్టం, 1925లోని సెక్షన్ 105 నుండి 109 వరకు వర్తిస్తాయి. ముస్లింల వసీయతు వారి ధర్మశాస్త్రం ప్రకారం నడుస్తుంది కనుక కింద చెప్పే సెక్షన్ 109 లెక్కను దానికి అన్వయించకూడదు.

మొదటి మెట్టు: ఎవరు ఎప్పుడు చనిపోయారో తేల్చుకోవాలి

వీలునామా రాసిన రోజున ఎవరికీ ఏ హక్కూ పుట్టదు. రాసిన మనిషి కన్నుమూసిన క్షణంలోనే అది ప్రాణం పోసుకుంటుంది. ఆ క్షణానికి లబ్ధిదారు బతికి ఉండకపోతే అతనికి ఇచ్చిన దఖలు వీగిపోతుంది, అంటే కోర్టుల్లో వకీళ్లు అనే మాటలో "ల్యాప్స్" అవుతుంది. సెక్షన్ 105 చెప్పే మూల సూత్రం ఇదే. వీలునామా రిజిస్టరు అయి ఉన్నా దీనిలో మార్పు ఉండదు.

అందువల్ల మొదట తీసుకోవలసినవి ఇద్దరి మరణ ధ్రువీకరణ పత్రాలు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. లబ్ధిదారు తరఫున ఆస్తి అడిగేవారే అతను వీలునామా రాసిన వారి కంటే ఎక్కువ కాలం బతికాడని రుజువు చేయాలని అదే సెక్షన్ అంటుంది. ఇద్దరూ ఒకే రోడ్డు ప్రమాదంలో పోతే చిక్కు వస్తుంది. ఓడ మునిగి ఇద్దరూ పోయి, ఎవరు ముందో తెలియనప్పుడు దఖలు వీగిపోతుందని 1925 చట్టమే ఒక ఉదాహరణ ఇస్తుంది. హిందూ వారసత్వ చట్టం, 1956లోని సెక్షన్ 21 మాత్రం అటువంటప్పుడు చిన్నవాడు పెద్దవాడి తర్వాత చనిపోయినట్లు భావించాలంటుంది. ఈ వాదనలోకి దిగకుండా తప్పించుకునే దారి ముప్పై రోజుల షరతు, దాని గురించి ఆరవ మెట్టులో చెబుతాను.

రెండవ మెట్టు: చనిపోయిన లబ్ధిదారు వీలుకర్తకు ఏమవుతాడో చూడాలి

ఈ విషయం మొత్తానికి ఇరుసు ఇక్కడే ఉంది. లబ్ధిదారు వీలుకర్తకు కొడుకో, కూతురో, మనుమడో, మనుమరాలో అయి, అంటే నేరుగా కిందికి దిగే సంతానమై ఉండి, అతను ముందే చనిపోయినా అతని సంతానంలో ఒక్కరైనా వీలుకర్త చనిపోయే నాటికి బతికి ఉంటే, ఆ దఖలు వీగిపోదు. ఇది సెక్షన్ 109. వీలునామాలో ఇందుకు విరుద్ధమైన ఉద్దేశం కనిపిస్తే తప్ప ఇది వర్తిస్తుంది.

మేనల్లుడు, తమ్ముడు, అన్న కొడుకు, భార్య, కోడలు, అల్లుడు, ఏళ్ల తరబడి సేవ చేసిన మనిషి, వీరెవరూ నేరుగా దిగే సంతానం కారు. వారు ముందే చనిపోతే, వారికి ఎందరు పిల్లలున్నా సరే, ప్రత్యామ్నాయ వాక్యం లేకపోతే దఖలు వీగిపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఆమె భర్త ఈ వరుసలో ఉన్నాడు. మేనమామ అతన్ని సొంత కొడుకులా పెంచాడన్నది నిజమే అయినా, దత్తత తీసుకోనంత వరకు చట్టం దృష్టిలో అతను మేనల్లుడే.

సెక్షన్ 109 విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కొడుకు పోతే ఆస్తి నేరుగా మనుమలకు వస్తుందని అనుకుంటారు. చట్టం అలా అనడం లేదు. కొడుకు తండ్రి తర్వాత క్షణంలో చనిపోయినట్లు భావించాలని మాత్రమే అంటుంది. అంటే ఆస్తి ముందుగా చనిపోయిన కొడుకు ఖాతాలో పడి, అక్కడి నుండి అతని వారసులకు దిగుతుంది. ఆ ఒక్క తేడా వల్ల మూడు ఫలితాలు వస్తాయి. మొదటిది, కొడుకు భార్యకూ, బతికి ఉంటే తల్లికీ, పిల్లలతో సమానంగా వాటా వస్తుంది. రెండవది, కొడుకు తన ఆస్తి అంతా భార్యకే చెందాలని తనూ ఒక వీలునామా రాసి ఉంటే ఇల్లు మొత్తం ఆమెకే పోతుంది, మనుమలకు ఏమీ రాదు. చట్టంలోనే ఇటువంటి ఉదాహరణ ఉంది. మూడవది, కొడుకు చేసిన అప్పులవారికి ఆ ఇంటి వైపు చూసే అవకాశం దొరుకుతుంది, ఎందుకంటే అది ఇప్పుడు కొడుకు వదిలి వెళ్లిన ఆస్తి.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. కొడుకు పిల్లలు లేకుండా పోయి, కోడలు ఒక్కతే మిగిలితే సెక్షన్ 109 అసలు రాదు. దఖలు వీగిపోతుంది. పిల్లలున్న కోడలికి ఇంట్లో వాటా, పిల్లలు లేని కోడలికి ఆ దఖలు నుండి ఏమీ లేదు. ఇది నాకు న్యాయంగా అనిపించదు గానీ చట్టం ఉన్నది అలాగే.

మూడవ మెట్టు: ఒకరికి ఇచ్చారా, ఇద్దరికి కలిపి ఇచ్చారా

ఇద్దరికి కలిపి, వాటాలు చెప్పకుండా ఇచ్చిన దానిలో ఒకరు ముందే పోతే మొత్తం రెండవ వారికి పోతుంది. "చెరి సగం", "సమాన భాగాలుగా" వంటి మాటలు పడితే, చనిపోయిన వారి వాటా రెండవ వారికి పోకుండా, వీలునామాలో విడిగా ఎవరికీ రాయని మిగులు ఆస్తిలో కలుస్తుంది. ఇవి సెక్షన్ 106, 107. దస్తావేజు రాసేవారు అలవాటు కొద్దీ "సమాన భాగాలుగా" అని చేర్చేస్తారు. ఆ రెండు మాటలు ఎవరి నోటి కాడి ముద్దనో తీసివేయవచ్చు.

నాలుగవ మెట్టు: మిగులు ఆస్తి వాక్యం ఉందో లేదో చూడాలి

వీగిపోయిన దఖలు గాలిలో కలవదు. వీలునామా చివరలో "పైన చెప్పినవి కాక నాకు గల మిగిలిన స్థిరచరాస్తులన్నీ ఫలానా వారికి" అని ఉంటే అందులోకి చేరుతుంది. ఆ వాక్యం లేకపోయినా, ఆ మిగులు ఆస్తిలోనే ఒక వాటా వీగిపోయినా, దాని మేరకు వీలునామా లేనట్లే లెక్క, హిందూ వారసత్వ చట్టం ప్రకారం వారసులందరికీ పోతుంది.

అయిదవ మెట్టు: లెక్క కట్టి చూద్దాం

మొదట చెప్పిన వీలునామానే తీసుకుందాం. రాసిన పెద్దాయన భార్య అప్పటికే చనిపోయింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. 2012లో రాసిన కాగితంలో ఇల్లు పెద్ద కొడుకుకు, ఎకరం ఇరవై గుంటల భూమి మేనల్లుడికి, బ్యాంకులో ఉన్న 9 లక్షల డిపాజిట్ చిన్న కొడుకుకూ కూతురికీ చెరి సగం, మిగిలినదంతా కూతురికి అని ఉంది. పెద్ద కొడుకు 2019లో భార్యనూ ఒక కూతురినీ వదిలి పోయాడు. మేనల్లుడు 2020లో, పెళ్లి కాని చిన్న కొడుకు 2021లో పోయారు. పెద్దాయన 2023లో కన్నుమూశాడు.

ఇల్లు విషయంలో సెక్షన్ 109 పనిచేస్తుంది, ఎందుకంటే పెద్ద కొడుకు కూతురు తాత పోయే నాటికి బతికి ఉంది. ఇల్లు పెద్ద కొడుకు వారసులైన భార్యకూ కూతురికీ చెరి సగం వస్తుంది. అతని తల్లి బతికి ఉంటే మూడు వాటాలు అయ్యేవి. అతను తన పేరిట తీసుకున్న బ్యాంకు అప్పు తీరకుండా ఉంటే బ్యాంకు ఈ ఇంటిని అడగడానికి దారి ఉంటుంది.

భూమి విషయంలో మేనల్లుడికి ఇచ్చిన దఖలు వీగిపోయి, మిగులు ఆస్తి వాక్యం ద్వారా 60 గుంటలూ కూతురికి చేరుతాయి. డిపాజిట్‌లో కూతురి సగం, అంటే 4 లక్షల 50 వేలు, ఆమెదే. చిన్న కొడుకు నేరుగా దిగే సంతానమే అయినా, అతనికి పిల్లలు లేరు కనుక సెక్షన్ 109 రాదు. "చెరి సగం" అని ఉంది కనుక అతని సగం నేరుగా చెల్లెలికి పోదు, మిగులు ఆస్తిలోకి పోతుంది. ఆ మిగులు కూడా ఆమెదే కావడం వల్ల ఇక్కడ చివరికి ఫలితం ఒకటే అయింది.

ఆ మిగులు వాక్యం లేదని ఒక్కసారి ఊహించుకుంటే తేడా కళ్లకు కడుతుంది. అప్పుడు 60 గుంటలూ, డిపాజిట్‌లో వీగిపోయిన 4 లక్షల 50 వేలూ వారసులకు పోతాయి. కూతురికి ఒక వాటా, పెద్ద కొడుకు శాఖకు ఒక వాటా వస్తాయి. చిన్న కొడుకు శాఖలో ఎవరూ లేరు. కూతురికి 30 గుంటలు, కోడలికి 15, మనుమరాలికి 15 గుంటలు దక్కుతాయి. డబ్బులో కూతురికి 2 లక్షల 25 వేలు, తల్లీకూతుళ్లకు ఒక్కొక్కరికి లక్షా 12 వేల 500. ఏ లెక్కన చూసినా మేనల్లుడి పిల్లలకు ఒక్క గుంట కూడా లేదు.

ఆరవ మెట్టు: ప్రత్యామ్నాయ వాక్యం రాయడం

మన దస్తావేజుల్లో "పుత్రపౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో అనుభవించవలెను" అన్న మాట కనిపించని కాగితం లేదు. చాలామంది దీన్ని చదివి, లబ్ధిదారు పోతే అతని పిల్లలకు వస్తుందని ధైర్యంగా ఉంటారు. ఈ మాట చెప్పేది లబ్ధిదారుకు పూర్తి హక్కు ఇచ్చాం, జీవితకాలం వరకే కాదు అని మాత్రమే. అతను ముందే పోతే ఆ పూర్తి హక్కూ అతనితోనే పోతుంది.

"మేనల్లుడికి మరియు అతని పిల్లలకు" అన్నా అదే కథ. ఒకరికీ అతని పిల్లలకూ కలిపి ఇచ్చిన దఖలు, ఆ ఒకరు ముందే పోతే వీగిపోతుందని సెక్షన్ 105 కింద ఉన్న ఉదాహరణ చెబుతుంది. అదే "మేనల్లుడికి లేదా అతని వారసులకు" అని ఉంటే, సెక్షన్ 96 ప్రకారం అది వికల్ప దఖలు అవుతుంది. అతను లేకపోతే వారసులకు చేరుతుంది. మేనమామ కాగితంలో "లేదా అతని వారసులకు" అని పడి ఉంటే ఆ 60 గుంటలు నిలిచేవి. అయినా నేను ఒక్క "లేదా" మీద ఆధారపడమని చెప్పను, "వారసులు" అంటే ఎవరన్న వాదన మిగిలిపోతుంది గనుక. మనుషుల్ని పేరు పెట్టి, సందర్భాన్ని విడమరచి రాయాలి. భూమికి నేను రాసే వాక్యం ఇలా ఉంటుంది:

"పై భూమి నా మేనల్లునికి చెందవలెను. అతను నా కంటే ముందుగా మరణించినను, నా మరణము తర్వాత ముప్పై దినములు జీవించి ఉండకపోయినను, లేక మరే కారణము చేతనైనను ఈ దఖలు అతనికి చెల్లకపోయినను, సదరు భూమి అతని సంతానములో నా మరణము నాటికి జీవించి ఉన్నవారికి సమాన భాగములుగా చెందవలెను. వారిలో ఎవరూ జీవించి ఉండనిచో నా కుమార్తెకు చెందవలెను."

ఈ వాక్యంలో ప్రతి ముక్కకూ పని ఉంది. "ముప్పై దినములు" అన్నది ఒకే ప్రమాదంలో పోయినప్పుడు ఎవరు ముందు పోయారన్న తగాదాను తీసేస్తుంది. "మరే కారణము చేతనైనను" అన్నది ఎందుకంటే, మొదటి దఖలు వీలుకర్త ఊహించని రీతిలో విఫలమైనా రెండవది పనిచేయాలని సెక్షన్ 129 అంటుంది గానీ, ఫలానా విధంగా విఫలమైతేనే అని వీలునామా బిగించి రాస్తే సెక్షన్ 130 ఆ బిగింపునే నిలబెడుతుంది. "నా మరణము నాటికి జీవించి ఉన్నవారికి" అని రాస్తే, వీలునామా రాసిన తర్వాత పుట్టిన పిల్లవాడు కూడా అందులోకి వస్తాడు, ముందే పోయినవాడి వాటా మిగిలినవారికే చేరుతుంది. పిల్లల పేర్లు కూడా రాసి, "ఇకముందు జన్మించువారు సహా" అని చేరిస్తే గుర్తింపుకు సులువు.

కొడుకుకు ఇచ్చే ఇంటికి కూడా ప్రత్యామ్నాయ వాక్యం అవసరమే. అక్కడ సెక్షన్ 109 ఉందిగా అని వదిలేస్తే, కొడుకు అప్పులూ కొడుకు వీలునామా కూడా దానితోపాటు వస్తాయి. మనుమరాలికే చెందాలన్నది కోరిక అయితే "నా కుమారుడు నాకన్నా ముందు మరణించినచో ఈ ఇల్లు అతని కుమార్తెకు నేరుగా చెందవలెను, కుమారుని ఆస్తిగా పరిగణింపబడరాదు" అని రాస్తే, ఆ సెక్షన్‌కు విరుద్ధమైన ఉద్దేశం స్పష్టమవుతుంది. కోడలికీ నివాసం ఉండాలనుకుంటే అదీ ఇక్కడే రాయాలి. మనుమరాలు మైనరు అయితే ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండే వరకు ఇంటిని ఎవరు చూసుకోవాలో కూడా చెప్పాలి. వీలునామాను అమలు చేసే కార్యనిర్వాహకుడిగా ఒకరిని పేర్కొని, అతను లేకపోతే మరొకరిని పేర్కొనడం మరవకూడదు, ఆ మనిషీ ముందే చనిపోవచ్చు.

చివరిగా మిగులు ఆస్తి వాక్యానికీ ప్రత్యామ్నాయం పెట్టాలి. కూతురు ముందే పోయి ఆమె పిల్లలు బతికి ఉంటే, సెక్షన్ 109 ప్రకారం ఆ ఆస్తి ఆమె వారసులకు, అంటే పిల్లలతో పాటు అల్లుడికి కూడా సమానంగా పోతుంది. అది ఇష్టమే అయితే సరే, కాకపోతే ముందే రాయాలి.

ఏడవ మెట్టు: రాసిన తర్వాత ఎవరైనా పోతే

చనిపోయిన మనిషి పేరును పెన్నుతో కొట్టేసి పక్కన మరొకరి పేరు రాసి సంతకం పెట్టిన వీలునామాలు నేను చూశాను. సెక్షన్ 71 ప్రకారం ఆ దిద్దుబాటు చెల్లాలంటే దాని పక్కన వీలుకర్తా, ఇద్దరు సాక్షులూ సంతకాలు చేయాలి. అంటే వీలునామాకు కావలసిన లాంఛనమంతా మళ్లీ జరగాలి. అంతకన్నా చిన్న అనుబంధ వీలునామా, అంటే కోడిసిల్, రాయడం శుభ్రంగా ఉంటుంది. దానికీ ఇద్దరు సాక్షులు కావాలి, మొదటి వీలునామా తేదీని పేర్కొని ఏ పేరా మారుతుందో చెప్పాలి. మొదటిది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించి ఉంటే దీన్నీ అక్కడే చేయించడం మంచిది. చట్టప్రకారం వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, మొదటిది రిజిస్టరై రెండవది కాకుంటే అనుమానం తప్పదు. మతి స్థిమితం తప్పిన తర్వాత ఏ మార్పూ నిలవదు. పెద్దాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది 2020లోనే, మేనల్లుడు పోయిన నెలలోనే. అతని వీలునామాలో ప్రత్యామ్నాయం ఉండవలసింది 2012లో, మొదటి కాగితంలోనే.

మరణం తర్వాత వచ్చిన కుటుంబాల విషయంలో పని తక్కువ. రెండు మరణ ధ్రువీకరణ పత్రాలు, మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం, అసలు వీలునామా పెట్టుకొని పైన చెప్పిన వరుసలోనే ఆలోచించాలి. వీగిపోయిన దఖలును పట్టుకొని విరాసత్‌కు, అంటే వారసుల పేరిట భూమి మార్పుకు, దరఖాస్తు పెడితే అది తిరిగి వస్తుంది. ఆ భూమి మీద మేనల్లుడి భార్యకు హక్కు లేదని చెప్పాక, ఆమె ఊరికే వెళ్లిపోలేదు. పెద్దాయన కూతురిని పిలిపించి మాట్లాడాం. మేనల్లుడి పిల్లలు ఆ ఆస్తిలో వాటాదారులు కారు కనుక హక్కు విడుదల పత్రం ఇక్కడ పనికిరాదని, ముందు భూమి తన పేరిట మార్పించుకొని, తర్వాత కావాలనుకుంటే రిజిస్టర్డు దాన దస్తావేజు ద్వారా ఇవ్వవచ్చని వివరించాను. స్టాంపు ఖర్చు ఎవరు భరించాలన్న మాట వచ్చి కాసేపు ఆగింది. చివరికి "ఆ చిన్నోళ్లు మా నాన్న చేతుల మీదనే పెరిగిండ్రు, నేనే పెట్టుకుంటా" అని కూతురు ముప్పై గుంటలు ఆ పిల్లల పేరిట రాసింది. మిగతా ముప్పై తన దగ్గరే ఉంచుకుంది.